చేసిన దెవరు? చేయించిన దెవరు?
(ప్రేరణార్థక క్రియను గుర్తించు విధము)

వ్యాకరణ పరీక్షలో మన పిల్లలకు వచ్చు ప్రశ్నలలో ఒకటి చూచుటకు మిక్కిలి చిన్నది. తప్పుటకు మిక్కిలి అనువైనది. ‘ఈ క్రింది వాక్యములలో ప్రేరణార్థక క్రియ గల వాక్యమును గుర్తింపుము, ప్రేరణమును తెలుపు ప్రత్యయమును వ్రాయుము’ అని ప్రశ్న యుండును. పిల్లలలో పలువురు వాక్యమును పూర్తిగా చదువకయే ‘ఇంచు’ అను అక్షరములు కనబడిన క్రియను పట్టుకొని, దానిక్రింద గీత గీసి ముందునకు సాగుదురు. ఒక్కొక్కమారు అది సరియగును, ఒక్కొక్కమారు కాదు. సరియైనప్పుడు ఎందుకు సరియైనదో, కానప్పుడు ఎందుకు కాలేదో పిల్లవానికి తెలియదు. తల్లిదండ్రులు ఒక సాయంకాలము బిడ్డ ప్రక్కన గూర్చుండి ఈ భేదమును చూపుటకు వీలగునట్లు ఈ పాఠము వ్రాయబడినది.

ప్రేరణ మనగా నేమి?

ప్రేరణ మనగా పురికొల్పుట. ఒకడు ఒక పనిని తాను చేయక వేరొకనిచేత చేయించిన యెడల, ఆ పనికి ఇద్దరు మనుష్యులు సంబంధించి యుందురు. పురికొల్పినవా డొకడు, చేసినవా డొకడు.

పండుగ దినములు సమీపించినపుడు పురసవాక్కము హైరోడ్డులో బట్ట కొని దర్జీకి ఇచ్చుట మన యిండ్లలో వాడుకయే గదా. ‘దర్జీ చొక్కా కుట్టెను’ అన్నప్పుడు సూది పట్టినవాడు దర్జీ. వాక్యమునకు కర్తయు దర్జీయే. ‘నాన్నగారు దర్జీచేత చొక్కా కుట్టించిరి’ అన్నప్పుడు సూది పట్టినవాడు ఇప్పుడును దర్జీయే. కాని వాక్యమున కర్తృస్థానమున నాన్నగారు వచ్చి కూర్చుండిరి. దర్జీ ‘చేత’ అను విభక్తితో ప్రక్కకు జరిగెను. ఈ మార్పు నంతటిని తెచ్చినది కుట్టు ధాతువునకు చేరిన ‘ఇంచు’ అను ప్రత్యయమే. పురికొల్పు వానిని ప్రయోజక కర్త యనియు, పని చేయు వానిని ప్రయోజ్య కర్త యనియు వ్యాకరణమున వ్యవహరింతురు. పిల్లలకు ఈ పేర్లు రాకున్నను కొరత లేదు. ‘సూది ఎవరి చేతిలో నున్నది?’ అని అడిగిన చాలును.

కర్మ లేని క్రియయైనచో ‘చేత’ రాదు. ‘శిశువు నవ్వెను’ అను వాక్యమును ప్రేరణముగా మార్చినచో ‘అక్క శిశువును నవ్వించెను’ అగును. నవ్వినది శిశువే, కాని శిశు శబ్దము ద్వితీయా విభక్తిలో నిలిచినది. తినుట, వినుట మొదలగు కొన్ని క్రియలకు ‘కు’ వచ్చును. ‘తల్లి బిడ్డకు అన్నము తినిపించెను’ అను వాక్యమున తిన్నది బిడ్డ, తినునట్లు చేసినది తల్లి. కావున పని చేసినవాడు వాక్యమున ‘చేత’తోనో, ‘ను’తోనో, ‘కు’తోనో కనబడునని పిల్లవానికి చెప్పవలెను. ఒక్కొక్కప్పుడు ఆతడు వాక్యమున కనబడకయే పోవచ్చును. ‘మా తాత ఇల్లు కట్టించెను’ అన్నపుడు తాపీపనివారి పేరు లేదు. ఐనను గోడ లేపినది వారే యని ‘ఇంచు’ చెప్పుచున్నది.

ప్రత్యయము చేరునపుడు కలుగు మార్పులు

ఈ నగరముననే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరిగారు 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున క్రియలకు ప్రత్యేకముగ నొక పరిచ్ఛేదమే యున్నది. పిల్లలకు అంతయు అక్కరలేదు. మూడు విధములు తెలిసిన చాలును.

మొదటిది, ధాతువు చివర నున్న ఉకారము పోయి ‘ఇంచు’ నేరుగ చేరుట. కట్టు – కట్టించు, చేయు – చేయించు, వ్రాయు – వ్రాయించు, ఆడు – ఆడించు. చదువు అను దానిలో నడుమనున్న ఉకారము కూడ ఇకారమై చదివించు అగును.

రెండవది, ధాతువు చివరి ‘చు’ వర్ణము ‘పు’గా మారి, పిదప ‘ఇంచు’ చేరుట. పిలుచు – పిలిపించు, నడచు – నడిపించు, తెచ్చు – తెప్పించు, ఇచ్చు – ఇప్పించు. వచ్చు అనునది రప్పించు అగును. ఇచ్చట పిల్లలు ‘ప్పించు’ ప్రత్యయమని వ్రాయుదురు. అది సరికాదు. ‘ప్ప’ అనునది ‘చ్చు’ యొక్క మారురూపము; ప్రేరణమును తెలుపునది ‘ఇంచు’ మాత్రమే.

మూడవది, ‘ను’తో ముగియు చిన్న ధాతువులకు నడుమ పకారము వచ్చి చేరుట. తిను – తినిపించు, విను – వినిపించు, అను – అనిపించు.

మరియొక చిక్కు గలదు. ‘ఇంచు’ ఎల్లపుడును ‘ఇంచు’గానే కనబడదు. వ్రాయించెను, వ్రాయించుచున్నాడు అనుచోట్ల చక్కగా కనబడును. వ్రాయింపుము, వ్రాయింపవలెను, వ్రాయింపలేదు అనుచోట్ల ‘చు’ పోయి పకారము వచ్చును. అందుచే క్రియను మొదట నిఘంటువులో నుండు రూపమునకు తెచ్చుకొనవలెను. ‘వ్రాయింపలేదు’ అనగా ‘వ్రాయించు’. ‘వ్రాయించు’ అనగా వ్రాయు + ఇంచు. ఈ వరుస తప్పరాదు.

‘ఇంచు’ ఉన్నంత మాత్రమున ప్రేరణము కాదు

పిల్లలు తప్పు చేయుట ఎక్కువగా ఇచ్చటనే. సంస్కృతమునుండి వచ్చిన శబ్దములను తెలుగున క్రియలుగా మార్చుటకును మనము ‘ఇంచు’నే వాడుదుము. రక్షించు, ప్రేమించు, ఊహించు, గమనించు – వీనిలో రెండవ మనుష్యుడు లేడు. ‘భటుడు రాజును రక్షించెను’ అన్నప్పుడు రక్షించినవాడు భటుడే. ఆతడు ఎవ్వరిని పురికొల్పలేదు. ‘ఇంచు’ను తొలగించినచో మిగులునది రక్ష. అది నామవాచకము గాని క్రియ కాదు.

తెలుగు నామములకును ఇట్లే చేరును. కత్తెర నుండి కత్తిరించు వచ్చినది. దర్జీ బట్టను కత్తిరించెనన్నచో కత్తెర పట్టినవాడు దర్జీయే. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భట్టారకుడు భారతమును తెనిగించుట కారంభించెను. ‘తెనిగించెను’ అను దానిలో ‘ఇంచు’ ఉన్నను, తెనుగు అను నామమునకు చేరినది గనుక అది ప్రేరణము కాదు. గంటము పట్టినవాడు నన్నయయే. రాజును కర్తగా చేసి చెప్పదలచినచో ‘రాజరాజు నన్నయచేత భారతమును తెనిగింపజేసెను’ అనవలెను. ఇట్లు మొదటనే ‘ఇంచు’ గల క్రియకు ప్రేరణము చెప్పునపుడు ‘చేయు’ అను క్రియను తోడు తెచ్చుకొనుట వాడుక. రక్షింపజేయు, ప్రేమింపజేయు అనునవి అట్టివే.

ఇంకను సూక్ష్మమైన దొకటి. ‘ఇంచు’ను తొలగించిన పిదప నిజముగనే క్రియ మిగిలినను, ప్రేరణార్థము లేని చోట్లు గలవు. ‘ఆకసమున చంద్రుడు కనిపించెను’, ‘నా కది నిజమనిపించినది’ అను వాక్యములలో ఎవరు ఎవరిని పురికొల్పిరి? ఎవ్వరును లేరు. కాని ‘ఉపాధ్యాయుడు బాలునిచేత అక్షరములను అనిపించెను’ అన్నచో పలికినవాడు బాలుడు, పలికించినవాడు ఉపాధ్యాయుడు, ఇది ప్రేరణమే. ఒకే క్రియారూపము రెండు వాక్యములలో రెండు విధములుగ నుండుట గమనింపదగినది.

వంటయింటి నుండి మరియొక యుదాహరణము. ‘అమ్మ వేరుసెనగలు వేయించినది.’ ‘అమ్మ గోడకు రంగు వేయించినది.’ రూపము ఒక్కటే. మొదటి వాక్యమున మూకుడు ముందర నిలిచి గరిటె త్రిప్పినది అమ్మయే; రెండవ దానిలో కుంచె పట్టినవాడు పనివాడు. వేగునట్లు చేయుట యను అర్థమున వేయించు ఒకటి. వేయు ధాతువునకు ప్రేరణమైన వేయించు మరియొకటి. మనుష్యునిచేత పని చేయించిన వాక్యము ఏది యని ప్రశ్న యడిగినచో రెండవదానినే వ్రాయవలెను. కావున క్రియను మాత్రము చూచి తీర్పు చెప్పరాదు, వాక్యమంతయు చదువవలెను.

‘చేత’యు మోసపుచ్చును. ‘ఈ లేఖ గుమాస్తాచేత వ్రాయబడెను’ అను వాక్యమున ‘చేత’ ఉన్నది. కాని వ్రాయించినవాడు ఎవ్వడును చెప్పబడలేదు. ఇది ‘బడు’తో నేర్పడిన కర్మణి వాక్యము.

ఇక తిరుగు – త్రిప్పు, నడచు – నడుపు, నిండు – నింపు వంటి జంటల మాట. ‘బండి నడచుచున్నది, తోలువాడు బండిని నడుపుచున్నాడు, యజమాని తోలువానిచేత బండిని నడిపించుచున్నాడు’ అని మూడు మెట్లుగ చెప్పి చూపినచో పిల్లలకు తేటపడును. రెండవ మెట్టున కర్మలేని క్రియ కర్మ గల క్రియ యైనది; కళ్ళెము పట్టినవాడును, వాక్యమున కర్తయు ఒక్కడే. మూడవ మెట్టున పురికొల్పువాడు వేరుగ వచ్చినాడు. పరీక్షలో ‘ఇతరునిచేత చేయించుట’ అడిగినచో మూడవ మెట్టే సమాధానము.

ఒక్క పేరాలో పరీక్షించి చూతము

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) దొర తెలుగునకు చేసిన సేవ మనవారు ఎరిగినదే. ఆయన కడపలోను చెన్నపట్టణములోను ఉద్యోగము చేయుచు, పండితులకు స్వంత ధనము వెచ్చించి పని సాగించెను. ఆ వృత్తాంతమును ఇట్లు నాలుగు వాక్యములలో చెప్పవచ్చును.

‘బ్రౌను పలు తావులనుండి తాళపత్ర ప్రతులను తెప్పించెను. పండితులచేత వానికి నకళ్ళు వ్రాయించెను. వానిలోని తప్పులను దిద్దించెను. వేమన పద్యములను ఆంగ్లమున అనువదించెను.’

నాలుగింటను ‘ఇంచు’ వినబడుచున్నది. ఒక్కొక్కదానిని తీసి చూతము. ‘తెప్పించెను’: మూలము తెప్పించు, తెచ్చు + ఇంచు. తెచ్చినవా రితరులు, కావున ప్రేరణము. ‘వ్రాయించెను’: వ్రాయు + ఇంచు. గంటమో కలమో పట్టినవారు పండితులు, ‘చేత’యు కనబడుచున్నది, కావున ప్రేరణము. ‘దిద్దించెను’: దిద్దు + ఇంచు. దిద్దినవారి పేరు ఈ వాక్యమున లేదు, వెనుకటి వాక్యమునుండి పండితులని తెలియుచున్నది, ఇదియు ప్రేరణమే. ‘అనువదించెను’: ‘ఇంచు’ను తీసివేసినచో తెలుగు క్రియ మిగులదు, ఆంగ్లమున వ్రాసినవాడు బ్రౌనే. ఇది ప్రేరణము కాదు.

ఇప్పుడు ఒక విద్యార్థి ‘బ్రౌను నకళ్ళు వ్రాసెను’ అని వ్రాసినాడనుకొందము. ఒక్క ‘ఇంచు’ పోవుటచే, దినములకొలది గూర్చుండి ప్రతులు వ్రాసిన పండితుల చేతిపని చరిత్రనుండి తుడిచివేయబడినది. మరియొకడు ‘బ్రౌను వేమన పద్యములను అనువదింపజేసెను’ అని వ్రాసినచో, బ్రౌను స్వయముగ చేసిన శ్రమ ఇతరుల ఖాతాలోనికి పోయినది. మార్కుల మాట అటుండగా, రెండును అసత్యములే. ఎవరు చేసిరి, ఎవరు చేయించిరి అను లెక్కను మన భాష ఈ చిన్న ప్రత్యయమున భద్రపరచుచున్నది. దస్తావేజులలో సయితము వ్రాయించి యిచ్చినవా డొకడు, వ్రాసినవా డొకడు. బాధ్యత మొదటివానిది, చేతివ్రాత రెండవవానిది.

తమిళపు వాడుక మన పిల్లలపై

ఈ నగరమున పెరుగు మన పిల్లలు రోజంతయు తమిళము విందురు. ఆ భాషలోను ప్రేరణమునకు ప్రత్యయములున్నవి. సెయ్ – సెయ్‌వి, పడి – పడిప్పి అనునవి మన చేయించు, చదివించు వంటివి. కాని నేటి సంభాషణలో అవి అరుదు. ‘పడిక్క వైత్తాళ్’ అని వై అను క్రియను చేర్చి చెప్పుటయే వాడుక. దాని నీడలో మన బిడ్డ ‘అమ్మ నన్ను చదువబెట్టినది’ అనును. ‘అమ్మ నన్ను చదివించినది’ అనుట సరియైన తెలుగు.

ఇచ్చట బిడ్డను గద్దించి లాభము లేదు. ‘బెట్టు’ మన భాషకు క్రొత్తది కాదు. కూర్చుండబెట్టు, నిలువబెట్టు, ఉడుకబెట్టు అనునవి అచ్చమైన తెలుగు మాటలు. వానిలో ప్రేరణార్థమును తెచ్చునది పెట్టు అను క్రియయే. బిడ్డ వానిని చూచి చదువు, వ్రాయు మొదలగు ధాతువులకును అదే పద్ధతిని సాగదీసినాడు. నిలుచుట, కూర్చుండుట మొదలగు కొన్నింటికి మాత్రమే అది చెల్లునని చెప్పి, తక్కినవానికి ‘ఇంచు’ను అలవాటు చేయవలెను.

రెండవ చిక్కు దీనికి వ్యతిరేకమైనది. తమిళ సంభాషణలో ఇల్లు కట్టించినవానిని గూర్చి ‘వీడు కట్టినార్’ అనుట పరిపాటి. గుడిలో పూజారి అర్చన చేసినను ‘అర్చనై పణ్ణినోం’ అనుట వినబడును. మన పిల్లలు గంగాధీశ్వరుని గుడినుండి వచ్చి ‘అర్చన చేసితిమి’ అన్నచో, ‘మంత్రము చదివిన దెవరు నాయనా?’ అని అడుగుడు. ‘అర్చకుడు’ అని చెప్పును. ‘అట్లయిన మనము చేయించితిమి’ అని అనిపింపుడు. పుస్తకము తెరువకయే పాఠము ముగియును.

అభ్యాసము

ఈ వాక్యములను బిడ్డకు చదివి వినిపించి, మూడు ప్రశ్నలు వరుసగ అడుగవలెను. క్రియ యొక్క మూలరూప మేది? ‘ఇంచు’ను తొలగించిన పిదప తెలుగు క్రియ మిగిలినదా? పని చేసినవారును, చేయించినవారును వేరువేరుగ నున్నారా? చివరి రెండింటికిని అవునని సమాధానము వచ్చిననే ప్రేరణార్థక క్రియ యని వ్రాయవలెను.

1. తాత మనుమనికి కథ వినిపించెను.
2. గురువు శిష్యులను దీవించెను.
3. పెద్దలు వైద్యుని రప్పించిరి.
4. కొండపై దీపము కనిపించెను.
5. మామయ్య పనివారిచేత కంచె వేయింపలేదు.
6. రైతు పొలమున వరి పండించెను.

సమాధానములు: మొదటిది ప్రేరణము, విన్నవాడు మనుమడు. రెండవది కాదు, దీవించినవాడు గురువే. మూడవది ప్రేరణము, వచ్చు + ఇంచు, వచ్చినవాడు వైద్యుడు. నాలుగవది కాదు, దీపమును చూపినవారు లేరు. ఐదవది ప్రేరణము; వేయింపలేదనగా వేయించు, వేయు + ఇంచు. పని జరుగకున్నను క్రియ ప్రేరణార్థకమే.

ఆరవదానిని గూర్చి ఇంటిలో చర్చ రావచ్చును. పండు + ఇంచు అని విడదీయుటకు వీలున్నది. పండినది వరి, పండునట్లు చేసినవాడు రైతు. కావున రూపమును బట్టి ఇది ప్రేరణార్థక క్రియయే. వరి మనుష్యుడు కాదు గనుక ‘వరిచేత’ అనము, ‘వరిని’ అందుము. శిశువును నవ్వించినట్లే యిదియు. ప్రశ్నలో ‘ప్రేరణార్థక క్రియను గుర్తింపుము’ అని మాత్రమే యున్నచో దీనిని వ్రాయవచ్చును. ‘ఒకరు వేరొకరిచేత పని చేయించిన వాక్యము’ అని యున్నచో దీనిని విడిచి ఐదవదాని వంటి వాక్యమును ఎన్నుకొనవలెను. ప్రశ్నను రెండుమారులు చదివిన పిదపనే కలము కాగితముపై పెట్టుమని బిడ్డకు చెప్పుడు.